శిక్షణకు పైసలు అడిగే ముందు మనం వేసుకున్న లెక్క
(ఖిల్లా ఘణపూర్ మండల సమాఖ్య వార్షిక మహాసభలో పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు ఇప్పటికే చదివి వినిపించినం. ఎజెండాలో ఇంకొక్క అంశం మిగిలింది. వడ్ల కొనుగోలు కేంద్రాలు నడిపే కమిటీ సభ్యులకు రెండు రోజుల శిక్షణ, దానికి బడ్జెట్. ఈ బడ్జెట్‌ను మంజూరు చేయమని జిల్లా గ్రామీణాభివృద్ధి అధికారికి, మనం పీడీ సారు అంటామే, ఆయనకు లేఖ పెట్టాలి. లేఖలో రాసే ప్రతి రూపాయి మీ ముందు చెప్పి, మీరు సరే అన్నాకే పంపాలని పాలకవర్గంలో అనుకున్నాం. ఎందుకంటే అందులో కొంత డబ్బు మన సమాఖ్యదే.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ శిక్షణ కోసం మేము ఇంతకు ముందే ఒకసారి లేఖ పెట్టినం. అది తిరిగి వచ్చింది. తప్పు మాదే. ఆ లేఖలో మేము రాసింది ఇంతే: "మా మండలంలోని కొనుగోలు కేంద్రాల మహిళలకు శిక్షణ అవసరం ఉన్నందున, అందుకు అయ్యే ఖర్చు 60,000 రూపాయలు మంజూరు చేయగలరని మనవి." కింద సంతకాలు, ముద్ర. లేఖ వెనక్కి వచ్చినప్పుడు దాని పక్కన పెన్సిలుతో ఐదు ప్రశ్నలు రాసి ఉన్నాయి. ఎవరికి? ఎన్ని రోజులు? దేనికి ఎంత? మీ వాటా ఎంత? చేస్తే ఏం తగ్గుతుంది, ఏం పెరుగుతుంది?

మొదట మాకు కోపం వచ్చింది. ఆడవాళ్లం కష్టపడి పని చేస్తుంటే ఇన్ని ప్రశ్నలా అనిపించింది. తర్వాత ఏపీఎం మేడంతో కూర్చొని ఆలోచిస్తే అర్థమైంది. మన సంఘంలో ఒక సభ్యురాలు వచ్చి "నాకు అరవై వేలు అప్పు ఇయ్యుండ్రి" అంటే మనం ఏం అడుగుతాం? ఎందుకు, ఎన్ని వాయిదాల్లో కడతావు, గేదె కొంటే పాలు ఎన్ని ఇస్తది అని అడగమా? సూక్ష్మ రుణ ప్రణాళిక రాసుకోకుండా ఏ సంఘమూ అప్పు ఇవ్వదు. అదే ప్రశ్న మనల్ని అడిగితే మాత్రం కోపం వచ్చింది. 60,000 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందని మమ్మల్ని మేము అడుగుకుంటే, మా దగ్గర జవాబు లేదు. అందాజగా రాసినం.

కాబట్టి ఈసారి చివరి ప్రశ్న నుంచి మొదలుపెట్టినం. శిక్షణ లేక మనకు జరిగిన నష్టం ఏమిటి? అది తేలితేనే ఎవరికి నేర్పాలో, ఏం నేర్పాలో, ఎంత ఖర్చు పెట్టొచ్చో తెలుస్తుంది.

పోయిన వానాకాలం కొనుగోళ్ల సంగతి మీకు యాదికి ఉంది. కార్తీకంలో కోతలు జోరుగా ఉన్న రోజులు. మన మండలంలోనే ఒక కేంద్రంలో జరిగింది చెప్తాం. ఊరు పేరు చెప్పం. ఆ కమిటీ అక్కలు ఇక్కడే కూర్చున్నారు, వాళ్లు ఒప్పుకున్నాకే చెప్తున్నాం.

ముగ్గురు రైతుల వడ్లు కలిపి 600 బస్తాలు ఒక లారీకి ఎత్తినరు. బస్తాకు 40 కిలోల చొప్పున అది 240 క్వింటాళ్లు. కేంద్రంలో తేమ చూస్తే 16.8 వచ్చింది. 17 శాతం వరకు కొనవచ్చని నిబంధన, కాబట్టి కాంటా పెట్టి, సంచులు కుట్టి, ట్రక్ షీట్ రాసి పంపినరు. మిల్లు దగ్గర మళ్లీ తేమ చూస్తే 19 చూపించింది. "బస్తాకు రెండు కిలోలు కోత పెడితే దింపుకుంటం, లేకుంటే వాపస్ తీసుకపోండ్రి" అన్నారు. రైతులు ఒప్పుకోలేదు. లారీ తిరిగి వచ్చింది. బస్తాలు దింపి, కుట్లు విప్పి, కల్లంలో పోసి ఎండబెట్టి, మళ్లీ నింపి, తూచి, ఎత్తినరు. ఈ రెండో హమాలీ, కుట్టు, దారం అన్నీ కలిపి బస్తాకు 20 రూపాయలు పడింది. 600 బస్తాలకు 12,000 రూపాయలు.

ఇప్పుడు దీని పక్కన మన కమీషన్ పెట్టి చూడండి. క్వింటాలుకు 32 రూపాయల లెక్కన 240 క్వింటాళ్లకు వచ్చేది 7,680 రూపాయలు. అంటే ఆ లారీ మీద గ్రామ సంఘానికి రావాల్సిన దానికంటే, దాన్ని దింపి ఎత్తిన ఖర్చే ఎక్కువ. అక్కడితో అయిపోలేదు. ఎండినాక తూచితే 600 బస్తాలు 585 అయినయి. "పదిహేను బస్తాలు ఏడికి పోయినయి?" అని రైతులు కమిటీ అక్కలను నిలదీసినరు. ఒక అక్క ఆ రోజు ఏడ్చుకుంటూ ఇంటికి పోయింది. "ఈ కేంద్రం పని నాకొద్దు, దొంగతనం అంటగట్టించుకునే ఖర్మ నాకెందుకు" అన్నది. ఆమె పదో తరగతి చదివింది, లెక్క రాయగలదు, ఏ తప్పూ చేయలేదు. కానీ ఆ పదిహేను బస్తాలు ఎటు పోయాయో చెప్పడం ఆమెకు రాలేదు. మాకు కూడా ఆ రోజు రాలేదు.

తర్వాత కూర్చొని లెక్క కట్టినం. మీరు కూడా వినండి, ఇది అందరికీ పనికొస్తుంది. 40 కిలోల బస్తాలో 19 శాతం తేమ ఉందంటే, 7.6 కిలోలు నీళ్లు, మిగిలిన 32.4 కిలోలు అసలు గింజ. ఎండితే గింజ తగ్గదు, నీళ్లే తగ్గుతాయి. ఆ 32.4 కిలోల గింజ 17 శాతం తేమతో ఉంటే బస్తా బరువు ఎంత ఉండాలి? 32.4ను 83తో భాగించి 100తో గుణిస్తే 39 కిలోల మీద కొంచెం వస్తుంది. అంటే బస్తాకు దాదాపు ఒక కిలో తగ్గుతుంది. 600 బస్తాలకు దాదాపు ఆరు క్వింటాళ్లు, అంటే పదిహేను బస్తాల కంటే కొంచెం తక్కువ. దొంగ ఎవరూ లేరు. పోయింది నీళ్లు.

ఈ లెక్కలోనే ఇంకో సంగతి బయటపడింది. 19 నుంచి 17కు రావాలంటే తగ్గేది ఒక కిలో. మిల్లు అడిగింది రెండు కిలోలు. 600 బస్తాల మీద రెండు కిలోలంటే 12 క్వింటాళ్లు. ఏ గ్రేడు వడ్లకు 2025–26లో మద్దతు ధర 2,389 రూపాయలు కాబట్టి అది 28,668 రూపాయలు. అందులో సగం తేమ లెక్కకు వస్తుంది, మిగతా సగం ఏ లెక్కకూ రాదు. ఆ రోజు రైతులు మొండిగా నిలబడ్డరు కాబట్టి ఆ కోత పడలేదు. కానీ ఎందుకు ఒప్పుకోకూడదో మనం కాగితం మీద చూపించలేకపోయినం. ఎండబెట్టేది కూడా అంతే. కొందరు రైతులు భయపడి 14 వరకు ఎండబెడుతున్నరు. 17 దగ్గర ఉన్న 40 కిలోల బస్తా 14కు వచ్చేసరికి ఇంకో కిలోన్నర దాకా తగ్గుతుంది. ఆ బరువు రైతు పోగొట్టుకున్నట్టే. తక్కువ ఎండినా తిప్పలే, ఎక్కువ ఎండినా నష్టమే. 17 ఎప్పుడు వచ్చిందో సరిగ్గా చూడగలగడమే అసలు పని.

మరి కేంద్రంలో 16.8 ఎందుకొచ్చింది, మిల్లులో 19 ఎందుకొచ్చింది? వ్యవసాయ విస్తరణ అధికారిని, మీటరు గురించి తెలిసినవాళ్లను అడిగి, ఆ కమిటీ అక్కలతో మళ్లీ ఒకసారి చేయించి చూసినం. మూడు కారణాలు కనిపించినయి.

మొదటిది, గింజ తీసిన చోటు. కుప్ప మీద పొద్దంతా ఎండ తగులుతుంది కాబట్టి పై గింజ తొందరగా ఆరుతుంది. లోపల తేమ అట్లనే ఉంటుంది. మన అక్కలు కుప్ప పై నుంచి పిడికెడు తీసి చూసినరు. కుప్పకు పైన, నడుమ, అడుగున, నాలుగు దిక్కులా తీసి కలిపి చూడాలి. సంచి అయితే లోపలికి గుచ్చి గింజ తీసే గొట్టం వాడాలి.

రెండోది, చూసిన వేళ. మిట్ట మధ్యాహ్నం వేడి గింజను అట్లనే మీటరులో పోసినరు. ఎండలో కాలిన గింజతో మీటరు సరిగ్గా చెప్పదు. కొంతసేపు నీడలో చల్లారనిచ్చి, తాలు, మట్టి తీసేసి చూడాలి. మీటరులో వడ్ల గుర్తే పెట్టినమా, వేరే ధాన్యం గుర్తు మీద ఉందా అని కూడా చూసుకోవాలి. బ్యాటరీ దిగిపోయినా అంకె తప్పుతుంది. ఒక్కసారి చూసి రాయకుండా మూడుసార్లు వేరువేరు గింజలతో చూసి, ఆ మూడింటి సగటు రాయాలి. మూడు అంకెల నడుమ తేడా ఎక్కువగా ఉంటే కుప్ప ఒకే తీరుగా ఎండలేదని అర్థం. అప్పుడు కాంటా పెట్టొద్దు, మళ్లీ తిరగేసి ఎండబెట్టమని చెప్పాలి.

మూడోది, చూసిన తర్వాత గడిచిన కాలం. తేమ చూసింది సోమవారం, లారీ వచ్చింది బుధవారం రాత్రి. రెండు రాత్రుల మంచు సంచుల మీద పడ్డది. టార్పాలిన్ పైన కప్పినరు గాని కింద పరచలేదు. లారీ ఎత్తే ముందు మళ్లీ ఒకసారి చూసి రిజిస్టరులో రాయాలనే పద్ధతి మన దగ్గర లేదు. అట్లా రాసి ఉంటే, మిల్లు 19 అన్నప్పుడు మన దగ్గర ఒక రుజువు ఉండేది, లేదా లారీ కదలకముందే మనకే తెలిసేది.

తర్వాత మండలంలోని 10 కేంద్రాల ట్రక్ షీట్లు ముందట వేసుకున్నం. ఆ సీజనులో మొత్తం ఆరు లారీలు వాపస్ వచ్చినయి. వాటిలో నాలుగు తేమ చూడడంలో జరిగిన తప్పు వల్ల. మిగతా రెండు వేరు. ఒకటి ఉన్నట్టుండి వాన పడి తడిసింది. ఇంకొకటి లారీ దారిలోనే చాలా ఆలస్యమైంది. ఈ రెండింటిని శిక్షణ ఆపలేదు. అందుకే లేఖలో ఆ నాలుగు లారీల గురించే రాసినం. వాన పడకుండా శిక్షణ ఇప్పిస్తామని రాస్తే పీడీ సారు నవ్వుతారు, మనకూ నవ్వొస్తది.

ఇక ఎవరికి, ఎన్ని రోజులు అన్న ప్రశ్న. మొదటి లేఖలో "కేంద్రాల మహిళలకు" అని రాసినం. ఇప్పుడు ప్రతి కేంద్రం నుంచి నలుగురు అని రాసినం: నాణ్యత, తేమ చూసే అక్క ఒకరు, కాంటా, గన్నీ సంచులు చూసే అక్క ఒకరు, రిజిస్టర్లు, ట్యాబ్ నమోదు చేసే వీవోఏ ఒకరు, గ్రామ సంఘం అధ్యక్షురాలు ఒకరు. పది కేంద్రాలకు 40 మంది. అధ్యక్షురాలు ఎందుకని కొందరు అడిగినరు. మిల్లుతోనూ, రైతుతోనూ మాట్లాడేది ఆమెనే. లెక్క ఆమెకు తెలియకపోతే మిగతా ముగ్గురికి తెలిసినా నోరు లేవదు.

రోజులు రెండు. మొదటి రోజంతా వడ్లతోనే. ఉపన్యాసాలు ఉండవు. ఎండిన కుప్ప, ఎండని కుప్ప, రెండూ కలిసిన కుప్ప సమాఖ్య భవనం ముందట పోసి, ఒక్కొక్క అక్క తన చేత్తో గింజ తీసి, మీటరులో చూసి, అంకె రాయాలి. తేమతో పాటు మిగతా నాణ్యత కొలతలు కూడా అప్పుడే: గడ్డి, చెత్త 1 శాతం, మట్టి, రాళ్లు 1 శాతం, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు పట్టిన గింజలు 5 శాతం, పచ్చి, ముడుచుకుపోయిన గింజలు 3 శాతం, వేరే రకం కలిసింది 6 శాతం మించొద్దు. ఈ అంకెలు గోడ మీద పోస్టరులో అందరం చూసినం. కానీ నూరు గ్రాముల వడ్లు తూచి, చెత్త వేరు చేసి, అది ఎన్ని గ్రాములు ఉందో చూస్తేనే 1 శాతం అంటే ఎంతో కంటికి తెలుస్తుంది.

రెండో రోజు కాగితాలు. రైతు వచ్చిన వరుసలో టోకెను, గన్నీ సంచులు వచ్చిన లెక్క, పోయిన లెక్క, తూకం పుస్తకం, ట్రక్ షీట్, మిల్లు నుంచి తీసుకోవాల్సిన రసీదు. మధ్యాహ్నం ట్యాబ్ నమోదు. రైతు పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పితే ఆ రైతు డబ్బు ఆగిపోతుంది. ఇప్పుడు చెప్పిన తేమ, బరువు లెక్కను ఆఖరు గంటలో అందరితో మూడు నాలుగుసార్లు చేయించాలి.

ఇక ఖర్చు. 40 మందికి, నేర్పేవాళ్లు, సిబ్బంది కలిపి ఇంకో నలుగురికి, మొత్తం 44 మందికి భోజనం, రెండు పూటల చాయ్ మనిషికి రోజుకు 150 చొప్పున రెండు రోజులకు 13,200 రూపాయలు. 40 మందికి రాకపోకలు రోజుకు 100 చొప్పున 8,000. నేర్పే వ్యక్తికి రోజుకు 1,500 చొప్పున 3,000. విస్తరణ అధికారి తన డ్యూటీలో భాగంగా వస్తామన్నారు, ఆయనకు ఖర్చు లేదు. నోటు పుస్తకం, పెన్ను, నమూనా రిజిస్టరు కాగితాలు మనిషికి 60 చొప్పున 2,400. కేంద్రాల పది మీటర్లను ఒకచోట పెట్టి సరిచూపించి, బ్యాటరీలు మార్చడానికి ఒక్కోదానికి 300 చొప్పున 3,000. కేంద్రం తెరిచిన మొదటి వారంలో నేర్పిన మనిషే ఒక్కో కేంద్రానికి పోయి, అక్కలు చేస్తున్నది చూసి సరిదిద్దడానికి 300 చొప్పున 3,000. మొత్తం 32,600 రూపాయలు. మనిషికి 815 పడుతుంది.

టెంటు, మైకు, ఫ్లెక్సీ లేవు. హాలు మనదే. మొదటి లేఖలో రాసిన 60,000కు, దీనికి తేడా చూడండి. అప్పుడు ఈ లెక్క కట్టకుండానే అడిగినం.

ఇందులో సారును అడిగేది భోజనం, రాకపోకలకే, అంటే 21,200. మిగతా 11,400 మన సమాఖ్య సొంత నిధి నుంచి పెడదామని ప్రతిపాదన. మన వాటా ఉంటేనే ఇది మన పని అని సారుకు నమ్మకం కలుగుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. మీటర్లు సరిచూపించడం, కేంద్రానికి పోయి చూడడం ఈ శిక్షణకు ప్రాణం. మంజూరులో ఒకవేళ కోత పడినా ఆ రెండూ ఆగకూడదు. అందుకే వాటిని మన వాటాలో పెట్టినం.

ఒక ఖర్చు ఈ లెక్కలో లేదు. దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. రెండు రోజులు వచ్చే 40 మంది అక్కలు రెండు రోజుల కూలి పోగొట్టుకుంటరు. రోజుకు 400 అనుకున్నా 40 మందికి రెండు రోజులకు 32,000. దాదాపు శిక్షణ ఖర్చంత. దాన్ని లేఖలో కలుపుదామా అని చాలాసేపు మాట్లాడుకున్నం. శిక్షణకు వచ్చేవాళ్లకు కూలి ఇచ్చే పద్దు లేదని, అది కలిపితే మొత్తం లేఖే ఆగుతుందని ఏపీఎం మేడం చెప్పినరు. అందుకే కలపలేదు. కానీ ఆ భారం మీ మీద పడుతున్నదని మాకు తెలుసు. దాన్ని తగ్గించడానికి తేదీలు చూసినం. ఇప్పుడు కలుపులు నడుస్తున్నయి, పని దొరికే రోజులు. కలుపులు అయిపోయి కోతలు మొదలుకాని నడిమి రోజుల్లో, సెప్టెంబరు చివర్లో పెడితే కూలి నష్టం తక్కువ. కేంద్రాలు తెరవడానికి కొద్ది రోజులే ముందు కాబట్టి నేర్చుకున్నది మరిచిపోరు కూడా. అందుకే లేఖ ఈ వారమే పోవాలి. మండలం నుంచి జిల్లాకు పోయి, అక్కడ డీపీఎం చూసి, ఫైలు కదిలి సారు సంతకం అయ్యేసరికి రోజులు పడతాయి. కేంద్రం తెరిచినాక మంజూరు వస్తే దానితో ఏం చేస్తాం?

ఇక అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, చేస్తే ఏం తగ్గుతుంది. "మహిళలు సాధికారత సాధిస్తారు, కేంద్రాలు బాగా నడుస్తాయి" అని రాయొచ్చు. కానీ అది ఎట్లా చూస్తరు? అందుకే ఇట్లా రాసినం. పోయిన వానాకాలం తేమ తప్పు వల్ల నాలుగు లారీలు వాపస్ వచ్చినయి. లారీకి 12,000 చొప్పున 48,000 రూపాయలు దింపి ఎత్తడానికే పోయింది. శిక్షణ తర్వాత అందులో సగం, అంటే రెండు లారీలు తగ్గుతాయని అంచనా. అది 24,000 రూపాయలు.

ఇక్కడ మాలోనే వాదన అయింది. ఒక అక్క అన్నది, "32,600 ఖర్చు పెట్టి 24,000 మిగిలిందని రాస్తే ఎవరు ఇస్తరు? నాలుగూ ఆగుతయని రాయండ్రి, 48,000 అయితది." న్యాయమైన ప్రశ్నే. కానీ నాలుగూ ఆగుతాయని మనం చెప్పలేం. మొదటి ఏడు తప్పులు జరుగుతాయి. ఆగుతాయని రాసి, రెండు లారీలు వాపస్ వస్తే, మరుసటి ఏడు మన లేఖను ఎవరూ నమ్మరు. అందుకే ఉన్నది ఉన్నట్టు రాసినం: మొదటి వానాకాలంలో ఖర్చు పూర్తిగా తిరిగి రాదు, రెండో వానాకాలం ముగిసేసరికి 48,000 మిగిలి ఖర్చును దాటుతుంది. యాసంగి కొనుగోళ్లు ఎండాకాలంలో, అప్పుడు మంచు ఉండదు, తేమ గొడవ తక్కువ, కాబట్టి దాన్ని లెక్కలో కలపలేదు. తప్పిన కోతలు, రైతుల డబ్బు ఆగకపోవడం వంటివి కూడా లాభమే. వాటికి అంకె కట్టలేం కాబట్టి ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసినం.

రెండో ఏడు వరకు ఫలితం ఉండాలంటే ఇంకో షరతు ఉంది. నేర్చుకున్న నలుగురిని గ్రామ సంఘం మరుసటి సీజనులో మార్చొద్దు. ఒకవేళ మార్చినా కనీసం ఇద్దరు పాతవాళ్లు ఉండాలి. ఇది మీ చేతిలో ఉన్న పని. మీరు ఒప్పుకుంటేనే ఆ అంకెకు విలువ.

ఇప్పుడు లేఖ చదువుతాం, వినండి.

"జిల్లా గ్రామీణాభివృద్ధి అధికారి గారికి, ఏపీఎం గారి ద్వారా సమర్పించునది. విషయం: వడ్ల కొనుగోలు కేంద్రాల కమిటీ సభ్యులు 40 మందికి రెండు రోజుల శిక్షణ నిమిత్తం 21,200 రూపాయల మంజూరు గురించి. అయ్యా, గత వానాకాలంలో మా మండలంలోని 10 కేంద్రాల నుంచి పంపిన లారీలలో ఆరు తిరిగి వచ్చినవి. వాటిలో నాలుగు తేమ పరీక్షలో మా లోపం వల్ల అని ట్రక్ షీట్ల ద్వారా గుర్తించాము. దీని వల్ల 48,000 రూపాయలు అదనపు ఖర్చు అయినది. ఈ లోపాన్ని సరిదిద్దుటకు సెప్టెంబరు చివరి వారంలో సమాఖ్య భవనంలో శిక్షణ నిర్వహించదలచాము. మొత్తం ఖర్చు 32,600 రూపాయలు. ఇందులో 11,400 సమాఖ్య భరిస్తుంది. భోజనం, రాకపోకల ఖర్చు 21,200 మంజూరు చేయవలసిందిగా కోరుచున్నాము. వచ్చే వానాకాలంలో తేమ కారణంగా తిరిగి వచ్చే లారీలు నాలుగు నుంచి రెండుకు తగ్గించుట మా లక్ష్యం. కొనుగోళ్లు ముగిసిన 15 రోజులలో తిరిగి వచ్చిన ప్రతి లారీ, దాని కారణంతో నివేదిక సమర్పించగలము. ఖర్చుల వివరం, కార్యక్రమ పట్టిక, సభ్యుల జాబితా, మహాసభ తీర్మానం జతపరచడమైనది."

ఒక పేజీ దాటలేదు. వివరాలన్నీ జత కాగితాల్లో ఉన్నాయి. ఫైలు చూసేవాళ్లకు మొదటి పేజీలోనే ఎంత అడుగుతున్నారు, ఎందుకు, ఏం తగ్గుతుంది అన్నది కనిపించాలి. "మా లోపం వల్ల" అని రాయడం కొందరికి నచ్చలేదు. "మన తప్పు మనమే రాసియ్యాల్నా?" అన్నారు. లోపం మిల్లుదనో, వాతావరణానిదనో రాస్తే మరి శిక్షణ మనకెందుకు? మన లోపం అని చెప్పినప్పుడే శిక్షణకు అర్థం ఉంటుంది.

మంజూరు వస్తే పని అక్కడితో అయిపోదు. రెండు రోజులూ హాజరు పట్టికలో సంతకాలు, భోజనం బిల్లు, రాకపోకల చెల్లింపుకు ఒక్కొక్కరి సంతకం, ఫొటోలు, ఇవన్నీ ఓచర్లతో కలిపి వినియోగ ధృవీకరణ పత్రం పంపాలి. 40 మందికి మంజూరై 33 మందే వస్తే 33 మందికే ఖర్చు రాయాలి, మిగిలింది వాపస్ కట్టాలి. రానివాళ్ల పేరు మీద సంతకం పెట్టే అలవాటు మనకు వద్దు. మన మండల పుస్తకాల్లో అటువంటిది పడకూడదు.

ఘణపసముద్రం కింద, ఖిల్లా నీడన ఎన్నో తరాలుగా వడ్లు పండుతున్నయి. పండించడంలో ఆడవాళ్ల చేయి ఎప్పుడూ ఉంది. తూకం దగ్గర, లెక్క దగ్గర మనం నిలబడ్డది ఇప్పుడిప్పుడే. ఆ నిలబడ్డ చోట ఒక అక్క దొంగ అనిపించుకొని ఏడ్చుకుంటూ పోవద్దు. ఆమె ఈ రోజు వచ్చింది. శిక్షణ ఉంటే మళ్లీ కమిటీలో ఉంటానన్నది. జాబితాలో మొదటి పేరు ఆమెదే.

ఇప్పుడు తీర్మానం. ఒకటి, సమాఖ్య నిధి నుంచి 11,400 రూపాయలు ఈ శిక్షణకు ఖర్చు చేయడానికి మహాసభ ఆమోదం. రెండు, శిక్షణ పొందిన నలుగురిలో కనీసం ఇద్దరిని వచ్చే రెండు వానాకాలాలు కమిటీలో కొనసాగించడానికి అన్ని గ్రామ సంఘాల అంగీకారం. మూడు, కొనుగోళ్ల తర్వాత ఎన్ని లారీలు వాపస్ వచ్చాయో, ఎందుకు వచ్చాయో వచ్చే మహాసభలో చదివి వినిపించడం, తగ్గినా తగ్గకపోయినా.

అభ్యంతరం ఉన్న అక్కలు ముందు మాట్లాడండి. తర్వాత చేతులు ఎత్తండి. కార్యదర్శి లెక్కపెట్టి మినిట్స్ పుస్తకంలో రాస్తది.